లఘులోలకం రికార్డు దిద్దేటప్పుడు: g విలువ దగ్గర దొరికే లోపాలు

విశాఖపట్నంలో డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థి రాసిన లఘులోలకం రికార్డు మీ ముందుందనుకోండి. పొడవు 100.0 సెం.మీ. 20 డోలనాలకు పట్టిన కాలం అయిదుసార్లు కొలిచారు: 40.1, 40.3, 40.0, 40.4, 40.2 సెకన్లు. చివర్లో ఇలా ఉంది: “g = 9.7716. ఎర్రర్ 0.39 శాతం, కారణం హ్యూమన్ ఎర్రర్. విశాఖ భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి g తక్కువని రుజువైంది.” కొలతలు బాగానే ఉన్నాయి. చిక్కంతా వాటి తర్వాత రాసిన మాటల్లోనే ఉంది.

లక్షణం: ఎర్రర్ ఉంది, ± లేదు

ఆ 0.39 శాతం ఎక్కడిదో లెక్క చూడండి. పుస్తకంలోని 9.81 నుంచి తన విలువ తీసేసి, 9.81తో భాగించారు. అది పుస్తకానికీ తనకూ ఉన్న తేడా మాత్రమే. కొలతలో ఎంత అనిశ్చితి ఉందో అది చెప్పదు. పుస్తకం లేకపోతే ఈ విద్యార్థి దగ్గర ఎర్రరే ఉండదు! “హ్యూమన్ ఎర్రర్” అన్న మాట కొట్టేసి, ఏ కొలత, ఎంత అని పక్కన రాయండి.

సవరణకు కావలసిన అంకెలు ఆ అయిదు రీడింగుల్లోనే ఉన్నాయి. సగటు 40.2 సె. ప్రామాణిక విచలనం 0.16 సె, దాన్ని √5తో భాగిస్తే సగటులో అనిశ్చితి 0.07 సె. అంటే 0.18 శాతం. g = 4π²L/T² లో T వర్గం ఉంది కాబట్టి ఇది రెట్టింపై 0.35 శాతమవుతుంది. దారం కట్టిన చోటు నుంచి గుండు కేంద్రం దాకా మీటరు స్కేలుతో కొలిస్తే 2 మి.మీ. అటూ ఇటూ అవుతుంది, అది 0.2 శాతం. రెండింటినీ వర్గం చేసి కూడి వర్గమూలం తీస్తే 0.4 శాతం. ఫలితం:

g = 9.77 ± 0.04 మీ/సె²

రెండో దశాంశమే ఊగుతున్నప్పుడు 9.7716 లోని చివరి రెండంకెలకు అర్థం లేదు. స్టాప్‌వాచ్ 0.01 సె. చూపిస్తుందని అనిశ్చితి కూడా 0.01 అని రాసేవాళ్లున్నారు. రీడింగులే 0.4 సె. మేర చెదిరి ఉన్నాయి కదా, వాచ్ కన్నా వాటినే నమ్మాలి.

లక్షణం: “రుజువైంది”

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే విద్యార్థి చెప్పిన భౌతికశాస్త్రం తప్పు కాదు. విశాఖ అక్షాంశం దాదాపు 17.7 డిగ్రీలు. అక్షాంశ సూత్రం ప్రకారం సముద్రమట్టం దగ్గర g సుమారు 9.785 మీ/సె². 9.81 కన్నా 0.025 తక్కువ. కానీ ఈ ప్రయోగం అనిశ్చితి 0.04. ఆ రెండు విలువల్లో దేన్నీ ఇది తోసిపుచ్చలేదు. ముగింపు నిజమే కావచ్చు, ఈ డేటా మాత్రం దానికి సాక్ష్యం కాదు.

పైగా g తక్కువ రావడానికి మామూలు కారణాలూ ఉన్నాయి. లోలకాన్ని 10 డిగ్రీల దాకా లాగి వదిలితే డోలన కాలం కాస్త పెరిగి, g సుమారు 0.037 తగ్గి కనిపిస్తుంది. అక్షాంశం వల్ల వచ్చే తేడా కన్నా ఇదే ఎక్కువ. అందుకే ఎంత దూరం లాగారో రికార్డులో ఉందా అని వెతకండి. లేకపోతే ఆ ముగింపును ఒప్పుకోవద్దు.

నిజంగా ఆ తేడా చూడాలంటే అనిశ్చితి 0.008కి రావాలి. 20కి బదులు 100 డోలనాలు లెక్కపెట్టాలి, పొడవును అర మి.మీ. లోపు కొలవాలి, మీటరు దారానికి పక్కకు 5 సెం.మీ. మించి లాగకూడదు. ఉక్కపోసినా సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. అంతవరకూ రాయదగిన ముగింపు ఇది: “మా విలువ 9.77 ± 0.04 మీ/సె²; విశాఖకు లెక్కగట్టిన 9.785తో అనిశ్చితి లోపల సరిపోయింది. అక్షాంశ ప్రభావాన్ని ఈ కొలత తేల్చలేదు.”

లక్షణం: గ్రాఫ్‌లో స్లోప్ = 24.75, అంతే

T² అడ్డంగా, L నిలువుగా గీసిన గ్రాఫ్‌లో అక్షాల మీద ప్రమాణాలు రాయలేదు. L సెంటీమీటర్లలో ఉంది కాబట్టి స్లోప్ 24.75 సెం.మీ/సె². 4π²తో గుణిస్తే 977 సెం.మీ/సె². తర్వాతి పేజీలో అదే 9.77గా మారిపోతే, తెలిసిన జవాబు కోసం దశాంశ బిందువును జరిపారేమోనన్న అనుమానం వస్తుంది. టేబుల్ తలకట్టులో, అక్షాల మీద, స్లోప్ పక్కన ప్రమాణం రాయించి, మీటర్లలోకి మార్చిన మెట్టును విడిగా చూపించమనండి.

అంతరఖండాన్ని కూడా ప్రమాణంతో రాయమనండి. గీత మూలబిందువు గుండా పోకుండా L అక్షాన్ని −1.2 సెం.మీ. దగ్గర ఖండిస్తే, గుండు పైఅంచు దాకానే కొలిచి వ్యాసార్ధం కలపలేదేమో చూడాలి. అబ్జర్వేషన్ బుక్కులో వెర్నియర్ రీడింగ్ తీయండి. వ్యాసం 2.4 సెం.మీ. చుట్టుపక్కల ఉంటే కారణం దొరికినట్టే. స్లోప్‌కు దీనివల్ల నష్టం లేదు. ఒక్క పొడవుతో లెక్కకట్టిన g మాత్రం ఒక శాతానికి పైగా తగ్గుతుంది, దాన్ని మళ్లీ చేయించాలి.