అరటిపండు డీఎన్ఏ: తెల్లటి పోగులు చివరికి ఎలా పైకి తేలాయంటే

చిత్తూరులో తొమ్మిదో తరగతి పిల్లలతో అరటిపండు నుంచి డీఎన్ఏను వేరుచేసే ప్రయోగం మూడుసార్లు చేశాను. ప్రతిసారీ గ్లాసు నిండా పాలనీళ్లలాంటి మడ్డే తప్ప, పోగు ఒక్కటీ రాలేదు. సబ్బు పెంచాను, ఉప్పు పెంచాను, అరటికి బదులు తోతాపురి మామిడి వాడాను, లాభం లేకపోయింది.

నాలుగోసారి స్పిరిట్ పోసే పద్ధతి మార్చాను. సగం అరటిపండు మెత్తగా నలిపి, అర గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, నురగ రాకుండా మెల్లగా కలిపాం. పది నిమిషాలాగి పల్చటి బట్టలో వడగట్టాం, పిండలేదు. సన్నటి గాజు గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు ఆ రసం తీసుకున్నాం.

మూత బిగించిన సర్జికల్ స్పిరిట్ సీసాను ఉప్పు చల్లిన ఐసులో గంటసేపు ఉంచాను. మా ఎండకు బయట పెడితే పది నిమిషాల్లోనే వేడెక్కుతుంది. గ్లాసు వంచి, రసమంత స్పిరిట్‌ను గోడ వెంబడి సన్నని ధారగా జార్చాను. అది పైన వేరే పొరగా నిలిచింది. ఇంతకుముందు గబుక్కున పోసి, కలిపేసేవాళ్లం. అప్పుడు స్పిరిట్ పలచబడిపోయేది. ఉప్పు తోడుంటే డీఎన్ఏ గాఢమైన ఆల్కహాల్‌లో కరగకుండా విడిపోతుంది.

ఐదు నిమిషాలకు రెండు పొరల మధ్య దూదిలాంటి పోగులు లేచాయి. పుల్లతో తిప్పితే చుట్టుకున్నాయి. విడివిడిగా గుండ్రంగా కనబడితే అవి నురగ బుడగలే.

అయితే ఇది స్వచ్ఛమైన డీఎన్ఏ కాదు, ప్రోటీన్లూ, పండులోని జిగురు పదార్థమైన పెక్టిన్ కూడా కలిసి ఉంటాయి. వేరే పండ్లకూ, తక్కువ గాఢత స్పిరిట్‌కూ ఇలాగే వస్తుందని చెప్పలేను. స్పిరిట్ దగ్గర మంట మాత్రం వద్దు.