బడ్జెట్ తేడాల రిపోర్టు: అక్కర్లేని పద్దులకు వివరణ అడుగుతూ, కావాల్సినవి వదిలేస్తుంటే

బడ్జెట్‌కూ అసలు ఖర్చుకూ మధ్య తేడా ఎంత దాటితే రాతపూర్వక వివరణ ఇవ్వాలో చెప్పే హద్దును థ్రెషోల్డ్ అంటాం. రిపోర్టు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ హద్దు పెట్టిన తీరు దగ్గరే మొదలవుతాయి. కింది ఉదాహరణల్లో ఒక నెల తేడాకు మొదటి హద్దులు 10 శాతం, 25,000.

సమస్య: చిన్న పద్దులకు వివరణలు కుప్పలుగా వస్తున్నాయి, పెద్ద తేడా మాత్రం ఎవరి కంటా పడలేదు

ఒక నెల లెక్కలో మూడు పద్దులు చూడండి. స్టేషనరీకి బడ్జెట్ 4,000, ఖర్చు 5,200. తేడా 1,200 మాత్రమే అయినా శాతంలో 30. జీతాలకు బడ్జెట్ 18,00,000, ఖర్చు 18,70,000. తేడా 70,000, కానీ శాతంలో 4 కూడా లేదు. మరమ్మతులకు బడ్జెట్ 1,20,000, ఖర్చు 1,62,000. తేడా 42,000, అంటే 35 శాతం.

శాతం ఒక్కటే చూస్తే స్టేషనరీ పట్టుబడుతుంది, జీతాలు తప్పించుకుంటాయి. "10 శాతం లేదా 25,000" అంటే మూడూ పట్టుబడతాయి. అలాంటి చిన్న పద్దులు నలభై ఉంటే విభాగాల వాళ్లు వివరణలు మొక్కుబడిగా రాయడం మొదలుపెడతారు. "10 శాతం, దాంతోపాటు 25,000" అంటే మరమ్మతులు ఒక్కటే మిగులుతుంది, జీతాల 70,000 మళ్లీ జారిపోతుంది.

కారణం ఏమిటంటే, రెండు హద్దులతో మూడు పనులు చేయించాలని చూడడం. మూడో హద్దు కావాలి: శాతంతో సంబంధం లేకుండా, ఇంత మొత్తం దాటితే వివరణ తప్పనిసరి అనేది. ఇక్కడ దాన్ని 60,000 అనుకుందాం. ఎక్సెల్ షీట్‌లో B కాలమ్ బడ్జెట్, C ఖర్చు, D తేడా (C-B). H1లో 10%, H2లో 25,000, H3లో 60,000 ఉంచితే ఫార్ములా ఇది:

```
=IF(OR(ABS(D2)>=$H$3,
 AND(ABS(D2)>=$H$2, ABS(D2)>=$H$1*ABS(B2))),
 "వివరణ","")
```

ఇప్పుడు మరమ్మతులు, జీతాలు వస్తాయి, స్టేషనరీ రాదు. హద్దుల్ని ఫార్ములాలోనే రాసేయకుండా విడి సెల్స్‌లో ఉంచండి. లేకపోతే హద్దు మార్చిన రోజున ఏదో ఒక షీట్‌లో పాత అంకె మిగిలిపోతుంది.

ఈ ఫార్ములాలో శాతాన్ని భాగహారంతో కట్టలేదు, బడ్జెట్‌ను శాతంతో గుణించి తేడాతో పోల్చాం. బడ్జెట్ సున్నా ఉన్న పద్దులో భాగిస్తే #DIV/0! వస్తుంది. దాన్ని దాచడానికి చాలామంది IFERROR పెట్టి ఖాళీ చూపిస్తారు. దాంతో బడ్జెట్‌లోనే లేని ఖర్చు, అంటే అందరికంటే ముందు అడగాల్సిన ఖర్చు, రిపోర్టులో నిశ్శబ్దంగా దాటిపోతుంది. గుణకారంలో ఆ ఇబ్బంది లేదు. బడ్జెట్ సున్నా అయితే మొత్తం హద్దు ఒక్కటే తేలుస్తుంది.

అంకెలు ఎంత పెట్టాలన్నది ఊహతో తేల్చకండి. గత పన్నెండు నెలల తేడాల్ని ఈ ఫార్ములాలో వేసి చూడండి. నెలకు ఎన్ని పద్దులు పట్టుబడుతున్నాయి, ప్లస్, మైనస్ గుర్తు వదిలేసి కలిపిన మొత్తం తేడాలో వాటి వాటా ఎంత అన్నది కనబడుతుంది. కొద్ది పద్దులతోనే ఆ మొత్తంలో ఎక్కువ భాగం దొరికే చోటు సరైన హద్దు.

సమస్య: ఒకే పద్దు రెండు నెలలు తక్కువ, మూడో నెల బాగా ఎక్కువ

ఏడాదికి 3,60,000 మెయింటెనెన్స్ కాంట్రాక్టును బడ్జెట్‌లో నెలకు 30,000 చొప్పున పంచారు. బిల్లు మాత్రం మూడు నెలలకోసారి 90,000 వస్తుంది. రెండు నెలలు 30,000 తక్కువ, మూడో నెల 60,000 ఎక్కువ. మూడు నెలలూ హద్దు దాటుతుంది, మూడుసార్లూ "బిల్లు సమయం" అన్న వివరణే వస్తుంది.

హద్దు పెంచడం దీనికి మందు కాదు. పని ప్రతి నెలా జరుగుతోంది కాబట్టి బిల్లు రాకపోయినా నెల చివర 30,000 ఖర్చుగా రాసి, చెల్లించాల్సినదిగా చూపండి. తర్వాతి నెల మొదట్లో ఆ ఎంట్రీని తిప్పి, నెలాఖరున అప్పటివరకూ పేరుకున్న మొత్తాన్ని రాయండి. చెల్లించినప్పుడే ఖర్చు రాసే పద్ధతిలో లెక్కలు ఉంటే, బడ్జెట్‌నే బిల్లు చెల్లించే నెలలకు మార్చండి. రెండింటిలో ఒకటే చేయాలి. రెండూ చేస్తే తేడా తిరగబడి మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

ఖర్చు తక్కువైంది కదా అని అలాంటి పద్దుకు వివరణ మినహాయించడం ప్రమాదం. ఫార్ములాలో ABS ఉన్నది అందుకే. తక్కువ ఖర్చు వెనక తరచుగా రాయని బిల్లే ఉంటుంది.

సమస్య: ఏ నెలలోనూ హద్దు దాటని పద్దు, ఏడాది చివర పెద్ద లోటు చూపించింది

కరెంటు పద్దుకు నెలకు బడ్జెట్ 1,50,000, ఖర్చు ప్రతి నెలా 1,63,000. తేడా 13,000, 8.7 శాతం. ఏ హద్దూ తగలదు. ఆరు నెలలకు మాత్రం 78,000 అవుతుంది.

నెల తేడా ఒక్కటే పరీక్షిస్తే ఇలాంటి నెమ్మది కారడం దొరకదు. ఏడాది మొదటి నుంచి ఇప్పటివరకు కలిపిన అంకెల మీద రెండో పరీక్ష పెట్టండి, దానికి వేరే హద్దులు ఇవ్వండి. నెలనెలా అటూ ఇటూ ఊగే తేడాలు కలిపినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి ఇక్కడ శాతం తగ్గించవచ్చు. 5 శాతం, దాంతోపాటు 40,000 అనుకుంటే, ఈ పద్దు నాలుగో నెలలోనే 52,000తో పట్టుబడుతుంది.

సమస్య: మొత్తం సరిగ్గానే ఉంది, లోపల లెక్క సరిగ్గా లేదు

"మరమ్మతులు" పద్దులో తేడా 4,000 మాత్రమే. విప్పి చూస్తే వాహనాల మీద 45,000 ఎక్కువ, భవనం మీద 41,000 తక్కువ. పరీక్షను మొత్తాల వరుస మీద నడిపారు, అదే తప్పు. బడ్జెట్‌ను ఏ స్థాయిలో వేశారో, ఒక మనిషి ఏ స్థాయికి జవాబుదారీయో, అక్కడే ఫార్ములా నడపాలి. మొత్తాల వరుసలో అసలు ఉండకూడదు.

సమస్య: వివరణ వచ్చింది, కానీ ఏమీ తెలియలేదు

"మరమ్మతులు ఎక్కువ కావడం వల్ల ఖర్చు పెరిగింది" అన్నది తేడానే మాటల్లో తిరగరాసినట్టు. గడిలో ఖాళీ వదిలి "కారణం" అని అడిగితే ఇంతకంటే రాదు. మొదటి ఉదాహరణలోని 42,000నే తీసుకుందాం. బడ్జెట్ 40 గంటలకు, గంటకు 3,000 చొప్పున. జరిగింది 45 గంటలు, గంటకు 3,600 చొప్పున. గంటలు పెరగడం వల్ల 5 × 3,000 = 15,000. రేటు పెరగడం వల్ల 600 × 45 = 27,000. రెండూ కలిస్తే సరిగ్గా 42,000.

ఇలా విడదీస్తే అడగాల్సిన ప్రశ్న మారిపోతుంది. గంటలు ఈ నెలకే పెరిగి ఉండొచ్చు. రేటు మాత్రం కొత్త ఒప్పందం వల్ల పెరిగితే ఏడాదంతా ఉంటుంది, మిగిలిన నెలల అంచనా మార్చాల్సిందే. అందుకే ఫారంలో ఒక్క గడి బదులు నాలుగు పెట్టండి: కారణం, దాని మొత్తం, ఒక్కసారిదా కొనసాగేదా, ఏడాది చివరికి ప్రభావం ఎంత. కారణాల మొత్తాలు కలిపితే తేడాలో కనీసం 90 శాతం రాకపోతే వివరణను వెనక్కి పంపండి.