నవల ఒప్పందంపై సంతకం పెట్టే ముందు

"సకల హక్కులూ ప్రచురణకర్తవే" అన్న వాక్యం కనిపిస్తే అక్కడే ఆగండి. ఆ ఒక్క వాక్యంతో ఆడియో, అనువాదం, సీరియల్ అన్నీ చేజారిపోవచ్చు. దాన్ని కొట్టేసి, "తెలుగు అచ్చు పుస్తకం, 1000 కాపీలు" అని రాయించండి.

- ఆడియో, అనువాద హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి. ప్రచురణకర్త ఇదివరకు ఆడియో పుస్తకాలు తెచ్చారా, వేరే భాషలవాళ్లతో పరిచయాలున్నాయా అని అడగండి. ఉంటేనే ఇవ్వండి, అదీ భాష పేరుతో: "కన్నడం, 3 ఏళ్లు".

- గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లుగా లెక్కిస్తారు. రాసిచ్చిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది తిరిగి మీకే వస్తుంది. ఒప్పందంలో వేరేలా రాసి ఉంటే మాత్రం రాదు. ఈ మెలిక ఎక్కడుందో వెతికి మరీ చదవండి.

- నవల ముందే వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందా? అప్పుడు పత్రికకు ఏం రాసిచ్చారో ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.