డబ్బు పాఠం తయారుచేద్దాం – 3: రెండు పంటల బడ్జెట్, రెండు రూపాయల వడ్డీ

కిందటి పాఠంలో తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక ఇంటి నెల ఖర్చు రాయించడం చూశాం. బియ్యం, పాలు, గ్యాస్, కరెంటు, బస్సు ఛార్జీలు అన్నీ కలిపి 12,500 రూపాయలు తేలింది. ఈసారి ఆ ఒక్క నెలను పన్నెండు నెలలకు సాగదీద్దాం. బడ్జెట్, పొదుపు, బారువడ్డీ మూడూ వేరే పాఠాలు కావని పిల్లలకు తెలిసేది అక్కడే. దీనికి నలభై ఐదు నిమిషాల పీరియడ్లు రెండు పెట్టుకోండి.

ముందుగా ఒక జాగ్రత్త. మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు నేను "మీ ఇంటి ఆదాయం రాయండి" అన్నాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి నోట్సు మూసేసి తల వంచుకుంది. ఆ ఏడాది వాళ్ల చేను మునిగిందని తరువాత తెలిసింది. అప్పటి నుంచి పిల్లల సొంత లెక్కలు అడగడం మానేశాను. అందరికీ ఒకే ఊహా కుటుంబం ఇస్తాను. మీరూ అలాగే చేయండి.

పుస్తకాల్లో బడ్జెట్ అంటే నెలనెలా జీతం వచ్చే ఇల్లు కనిపిస్తుంది. మన డెల్టాలో చాలా ఇళ్లకు అది సరిపోదు. డబ్బు సార్వాకు ఒకసారి, దాళ్వాకు ఒకసారి వస్తుంది, ఖర్చు మాత్రం ప్రతి నెలా ఉంటుంది. అందుకే మన కుటుంబాన్ని ఇలా కట్టుకుందాం. అమ్మ కుట్టుపని, నాన్న కూలి కలిపి నెలకు 9,000. కౌలు, పెట్టుబడి పోగా సార్వా మీద డిసెంబరులో 24,000, దాళ్వా మీద మే నెలలో 36,000 మిగులుతాయి. జూన్‌లో బడి ఖర్చు 6,000, జనవరిలో సంక్రాంతికి 5,000 అదనం.

24,000 అంటే ఎంతో పిల్లలకు బస్తాల్లో చెబితే వెంటనే పడుతుంది. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. డెబ్భై ఐదు కిలోల బస్తాకు సుమారు 1,777. అంటే సార్వా అంతా అయ్యాక ఇంటికి మిగిలింది పదమూడున్నర బస్తాల విలువ. ఈ భాగాహారం వాళ్లతోనే చేయించండి.

ఇప్పుడు బోర్డు మీద పట్టిక. నెల, వచ్చింది, ఖర్చు, చేతిలో ఉన్నది అని నాలుగు గడులు చాలు. దాళ్వా డబ్బు 36,000 చేతిలో ఉండగా జూన్ మొదలవుతుంది. మామూలు నెలలో 9,000 వచ్చి 12,500 పోతుంది కాబట్టి చేతిలోది 3,500 తగ్గుతుంది. జూన్‌లో బడి ఖర్చు కూడా ఉంది కనుక నెలాఖరుకు 26,500. అక్కడి నుంచి దిగుతూ నవంబరు చివరికి 9,000. డిసెంబరులో 29,500కు లేచి, మళ్లీ దిగి ఏప్రిల్ చివరికి 10,500. మే చివరికి 43,000. ఏడాది మిగులు 7,000.

పట్టిక పూర్తయ్యాక ఒకే ప్రశ్న అడగండి. "జూన్‌లో ఈ ఇంట్లో అప్పు లేకుండా ఫోన్ కొనాలంటే ఎంతలో కొనొచ్చు?" చాలామంది 26,500 అంటారు. కొందరు మిగులు చూసి 7,000 అంటారు. రెండూ కాదు. ముందున్న నెలల్లో చేతిలోని డబ్బు అన్నిటికంటే అడుక్కి వెళ్లేది నవంబరులో, 9,000కు. జూన్‌లో తీసే ప్రతి రూపాయీ నవంబరులో తగ్గుతుంది కాబట్టి జవాబు 9,000. దీని మీద పది నిమిషాలు పోయినా తొందరపడకండి. నా దృష్టిలో ఈ పాఠానికి గుండెకాయ ఇదే.

రెండో పీరియడ్‌లో ఆ ఇంటివాళ్లు జూన్‌లో 15,000 పెట్టి ఫోన్ కొన్నారనుకుందాం. సెప్టెంబరు చివరికి చేతిలో 1,000. అక్టోబరు, నవంబరు గడవాలంటే 6,000 కావాలి. అక్టోబరు మొదట్లో ఊళ్లో ఒకాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి డిసెంబరు చివర తీర్చారు. వడ్డీ ఎంత?

పిల్లలు తప్పేది ఇక్కడే. ఊళ్లో "రెండు రూపాయలు" అంటే నూటికి నెలకు రెండు. బడి పుస్తకంలో రేటు ఏడాదికి. ఇంట్లో విన్న రెండును తెచ్చి పుస్తకం సూత్రంలో వేసేస్తారు, కాలాన్ని మాత్రం మూడు నెలలు గనక ఏడాదిలో పావు అని రాస్తారు. జవాబు 30 రూపాయలు వస్తుంది. మరికొందరు రేటు 24 అని సరిగ్గా మార్చి, కాలాన్ని 3 అని వదిలేస్తారు. అప్పుడు 4,320 వస్తుంది. సూత్రం ముట్టుకోకముందే ఒక్క నెల వడ్డీ నోటితో చెప్పించండి. ఆరు వేలలో అరవై వందలు, వందకు రెండు, నెలకు 120. మూడు నెలలకు 30 ఎలా వస్తుందని వాళ్లే అడుగుతారు. తరువాత సూత్రం రాయించండి:

```
6000 × 24 × 3 ÷ (100 × 12) = 360
```

పక్కనే పోస్టాఫీసు పొదుపు ఖాతా పెట్టండి. దాని రేటు ఏడాదికి 4 శాతం. ఇదే 6,000 అక్కడ మూడు నెలలు కదలకుండా ఉంటే వచ్చేది 60. పదేళ్లు దాటిన పిల్లలు ఆ ఖాతా తమ పేరున తెరుచుకోవచ్చు. నెలలో పదో తేదీ నుంచి ఆఖరు వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ కడతారు కాబట్టి, పదిహేనున వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు.

ఇక పట్టిక కొనసాగించండి. డిసెంబరులో 6,360 కట్టేశాక 14,140 ఉంటుంది. "అప్పు తీరిపోయింది మాస్టారూ" అంటారు. తీరనివ్వండి. సంక్రాంతి దాటి ఫిబ్రవరి చివరికి 2,140. మార్చిలో 1,360 తక్కువ పడుతుంది, ఏప్రిల్ కూడా గడవాలంటే మొత్తం 4,860 కావాలి. మళ్లీ 5,000 అప్పు, మూడు నెలలకు 300 వడ్డీ. జూన్‌లో కొన్న ఫోన్ మార్చిలో మళ్లీ అప్పు చేయించిందని పిల్లలు తమ చేత్తో రాసిన అంకెల్లోనే చూస్తారు. మే చివరికి 27,340 ఉంటుంది. కొనకపోతే ఉండే 43,000తో పోలిస్తే 15,660 తక్కువ.

అదే ఫోన్ ఒక ఏడాది ఆగి కొంటే? కొత్త జూన్ 43,000తో మొదలవుతుంది. నవంబరు అడుగు 16,000 అవుతుంది. 15,000 తీసినా ఇంకా వెయ్యి ఉంటుంది, అప్పు అక్కర్లేదు. పొదుపు అనే మాట నేను ఈ పాఠంలో మొదటిసారి పలికేది ఇక్కడే.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ లెక్క ఏడాదిలోపు తీర్చేసే అప్పుకు సరిపోతుంది. ప్రామిసరీ నోటు మూడేళ్లకు కాలదోషం పడుతుంది కాబట్టి అంతకుముందే తిరగరాస్తారు. అప్పుడు పాత వడ్డీని అసలులో కలిపితే అది బారువడ్డీ కాదు. దాన్ని నాలుగో పాఠానికి ఉంచుకుందాం.

అంతవరకు మీరు చేయాల్సిన అభ్యాసం. ధాన్యం డబ్బు డిసెంబరులో కాక జనవరి ఆఖరున చేతికొచ్చిందనుకుని రెండు పట్టికలూ మళ్లీ వేయండి. ఫోన్ కొనని ఇంట్లో డిసెంబరు చివర 5,500 రావాలి. ఆ ఇంటికి కూడా సంక్రాంతి నెలలో అప్పు పడుతుందా, పడితే ఎంత అన్నది లెక్క తేల్చి, తరగతికి వెళ్లండి.