సూది గుచ్చుకుంటే మొదటి మాత్ర దేనికోసమూ ఆగకూడదు

రాత్రి డ్యూటీ ఎక్కే ముందే ఒక్క విషయం తెలుసుకుని పెట్టుకోండి: హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే అత్యవసర మందు, అంటే పెప్, ఈ వేళప్పుడు ఏ గదిలో ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఆలస్యం ఎక్కువగా జరిగేది ఇక్కడే. మందు ఆసుపత్రిలోనే ఉంటుంది, బీరువా మాత్రం తెల్లవారితే గానీ తెరుచుకోదు.

ఒక ఉదాహరణ చూద్దాం. సోమవారం రాత్రి 9:30కి ఒక నర్సు రోగి చేతి నుంచి రక్తం తీసి, సూదికి మూత పెట్టబోయింది. సూది గ్లౌజును దాటి వేలిలోకి దిగింది. అది బోలు సూది, అప్పుడే రక్తనాళంలోంచి వచ్చింది, లోపల రక్తం కనిపిస్తోంది. రోగికి హెచ్‌ఐవీ ఉందో లేదో తెలియదు. హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తంతో ఇలా గుచ్చుకుంటే సోకే అవకాశం సగటున వెయ్యికి మూడు. లోతుగా దిగినా, సూదిలో రక్తం కనిపించినా, రోగి ఒంట్లో వైరస్ ఎక్కువగా ఉన్నా అది పెరుగుతుంది.

ముందు గ్లౌజు తీసేసి, సబ్బూ నీళ్లతో కడగాలి. వేలిని పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్ ద్రావణం పోయకూడదు. ఇవన్నీ కణజాలాన్ని గాయపరుస్తాయే తప్ప వైరస్‌ను బయటికి తేవు. కడిగాక వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి.

రోగి అనుమతితో ర్యాపిడ్ టెస్ట్ చేయించవచ్చు. కానీ ఫలితం వచ్చేదాకా మాత్ర ఆపడం పొరపాటు. మొదటి డోసు వీలైతే రెండు గంటల్లోపు పడాలి. ఫలితం నెగటివ్ వచ్చి, రోగికి ఇటీవల సోకి ఉండే అనుమానం కూడా లేకపోతే మందు అప్పుడు ఆపేయవచ్చు. ఒక్క మాత్ర అనవసరంగా వేసుకున్నందుకు పెద్ద నష్టమేమీ లేదు.

72 గంటల గడువు చూసి ‘ఇంకా మూడు రోజులుందిగా’ అనుకునేవాళ్లున్నారు. అది చిట్టచివరి హద్దు మాత్రమే. వైరస్ ముందు గుచ్చుకున్న చోటి కణాల్లో ఉండి, రెండు మూడు రోజుల్లో లింఫ్ గ్రంథులకు చేరి అక్కడ పెరుగుతుంది. ఆ లోపే దాన్ని అడ్డుకోవాలి. హెచ్‌ఐవీకి దగ్గరి వైరస్‌తో కోతులపై చేసి 1998లో ప్రచురించిన ప్రయోగంలో, 24 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు ఇచ్చినవన్నీ తప్పించుకున్నాయి. 48, 72 గంటలకు మొదలుపెట్టినవాటిలో కొన్నింటికి సోకింది, పది రోజులకే ఆపేసినవాటిలోనూ అంతే. మన నర్సుకు హద్దు గురువారం రాత్రి 9:30. ఆమె సోమవారం రాత్రి 10:30కే మొదటి మాత్ర వేసుకుంది.

ఎక్కువగా ఇచ్చేది టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర. రోజుకొకటి, 28 రోజులు. ఆమె లెక్కలో చివరి మాత్ర నాలుగో ఆదివారం రాత్రి. 30 మాత్రల డబ్బా ఇస్తే రెండు మిగులుతాయి, అంతకంటే ఎక్కువ మిగిలితే మధ్యలో తప్పాయన్నమాట. కడుపు మంటకు వేసుకునే యాంటాసిడ్ ఈ మందును ఒంటికి పట్టనివ్వదు. అందుకే మాత్రను దానికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్, క్షయకు రిఫాంపిసిన్ ఉంటే మొదట్లోనే చెప్పాలి. అప్పుడు మోతాదులో మార్పులు అవసరమవుతాయి.

మొదటి రక్త పరీక్ష ఆ రాత్రే, లేదంటే మూడు రోజుల్లోపు చేయించాలి. ఇది కొత్తగా సోకిందా అని చూడటానికి కాదు, అంతకుముందు లేదని నమోదు చేయడానికి. దాంతోపాటు క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి చూస్తారు. హెపటైటిస్ బి ఉన్నవారు 28 రోజులయ్యాక డాక్టరును అడగకుండా మందు ఆపకూడదు. ఇందులోని రెండు మందులు ఆ వైరస్‌నూ అణిచి ఉంచుతాయి కాబట్టి, హఠాత్తుగా ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు.

చాలామంది తడబడేది మాత్రలు అయిపోయిన రోజున. ఆ రోజు పరీక్షలో నెగటివ్ వస్తే గండం గడిచినట్టు కాదు, ఎందుకంటే మందు వైరస్‌ను అణచడం వల్ల అది పరీక్షకు దొరకడం ఆలస్యం కావచ్చు. గుచ్చుకున్న రోజు నుంచి లెక్కేసి ఆరు వారాలకు, మూడు నెలలకు చేయిస్తారు. యాంటీబాడీలను మాత్రమే చూసే కిట్ అయితే ఆరు నెలలకు మరోసారి. యాంటిజెన్‌నూ కలిపి చూసే నాలుగో తరం పరీక్ష ఉన్నచోట మూడు లేదా నాలుగు నెలలతో ముగిస్తారు. మన నర్సుకు ఆరు వారాల పరీక్ష కూడా సోమవారమే వస్తుంది, అంటే చివరి మాత్ర వేసుకున్న 15 రోజులకు.

ఈ మధ్యలో జ్వరం, గొంతు నొప్పి, ఒంటిపై దద్దుర్లు, మెడలో గడ్డలు కలిసి వస్తే తేదీ కోసం చూడకుండా వెంటనే పరీక్షకు వెళ్లాలి. ఆఖరి ఫలితం వచ్చేదాకా కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు. పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి మొదటి రోజే డాక్టరుతో మాట్లాడుకోవాలి.