అపార్ట్‌మెంట్ పండగ చందా లెక్కలు, మూడో పాఠం: నలభైతో భాగిస్తే వచ్చిన తంటా

పోయిన పాఠంలో అంచనా ఖర్చుని ఇళ్ల లెక్కతో భాగించి ఇంటికి ఇంత అని చెప్పమన్నాను కదా, మీలో చాలామంది మొత్తం ఫ్లాట్లతో భాగించేశారు. తప్పు నాదే, "ఇళ్లు" అంటే ఏ ఇళ్లో చెప్పలేదు. కాబట్టి ఈసారి చెప్దామనుకున్న కొటేషన్ల సంగతి పక్కన పెట్టి ముందు ఈ గొడవ తేల్చుకుందాం.

మీరు పంపిన వాటిలోంచి ఒక లెక్క తీసుకుంటా. ఫ్లాట్లు 40, అంచనా 60,000, ఇంటికి 1,500. కాగితం మీద సరిగ్గా సరిపోయింది. వసూలుకి తిరిగితే మూడు ఫ్లాట్లు ఖాళీ, నలుగురు ఈ పండగ చేసుకోరు, ఇద్దరు "చూద్దాం అండీ" అన్నారు, అంటే రాదు. ఇచ్చినవి 31 ఇళ్లు, వచ్చింది 46,500. లోటు 13,500. అప్పటికే షామియానా వాడికి మాటిచ్చేశారు!

భాగించాల్సింది పోయినేడు నిజంగా ఇచ్చిన ఇళ్ల సంఖ్యతో. మొదటిసారి చేస్తుంటే మాత్రం ముందు నోటి మాటగా అడిగి, అవునన్న వాళ్లలోంచి కూడా ఒకరిద్దర్ని తీసేసి భాగించండి. ఓనర్ వేరే చోట ఉంటే అక్కడ ఉంటున్న అద్దెవాళ్లనే అడగండి, ఓనర్‌కి ఫోన్ చేసి ఖాళీ ఫ్లాటుకి చందా అడగడం నాకు నచ్చదు.

ఇప్పటికే లోటు వచ్చింది కాబట్టి ఏం చెయ్యాలి? ఇచ్చిన వాళ్ల దగ్గరికే రెండోసారి వెళ్లి ఇంకో ఐదొందలు అడగొద్దు, వచ్చే ఏడు వాళ్లు తలుపు తియ్యరు. మెయింటెనెన్స్ డబ్బు అస్సలు ముట్టుకోవద్దు, అందులో పండగ చేసుకోని ఆ నలుగురి డబ్బు కూడా ఉంది. ఖర్చుని రెండుగా చీల్చి చూడండి, మనుషుల్ని బట్టి మారేది ఎంత, మారనిది ఎంత అని. ఈ లెక్కలో షామియానా, కుర్చీలు, మైకు, లైట్లు కలిపి 24,000, పూజ సామాను పూలు 6,000, భోజనాలు 150 మందికి మనిషికి 180 చొప్పున 27,000, చిల్లర ఖర్చులకి 3,000. ఇళ్లు తగ్గాయి కాబట్టి భోజనాలు 120 మందికి చెప్తే 5,400 మిగిలింది. (చందా ఇవ్వని ఇంటి పిల్లలు వచ్చి కూర్చుంటే లేపకండి, అందుకే ఆ 120లో వాళ్లనీ కలిపాను.) రెండో రోజు మైకూ లైట్లూ మానేస్తే ఇంకో 6,000. మిగతా 2,100 చిల్లర పద్దులోంచి తగ్గించాం, దాంట్లో ఇంకా 900 ఉంది. లోటు తీరింది. ఇక మీదట ఎవరికైనా మాటిచ్చేటప్పుడు అడ్వాన్సు ఒక్కటే కాదు, తర్వాత ఇవ్వాల్సిన బాకీ కూడా చేతిలో ఉన్న డబ్బులో ఇముడుతుందా చూసుకుని ఇవ్వండి. "ఇస్తామన్నారు" అనేది డబ్బు కాదు.

గ్రూప్ పెట్టడం, రసీదు రాయడం లాంటివి మీకు తెలుసు, దాటేస్తున్నా.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. వసూలైన క్యాష్‌లోంచే ఖర్చు పెట్టేసి మిగిలింది రాయడం. ఇది దొంగతనం కాదు, మంచివాళ్లే చేస్తారు, అందుకే పట్టుకోవడం కష్టం.

204 వాళ్లు సాయంత్రం 1,500 చేతికిచ్చారు. అదే టైముకి పూలవాడు గేటు దగ్గర నిలబడ్డాడు, 620 ఇవ్వాలి. మన కుర్రాడు ఆ డబ్బులోంచే ఇచ్చేసి మిగతా 880 డబ్బాలో వేసి, పుస్తకంలో "204 - 880" అని రాశాడు. రాత్రి లిస్టు గ్రూప్‌లో పెడితే 204 ఆవిడ "మేము ఇచ్చింది 1,500 అండీ" అని అందరి ముందూ అడిగింది. ఆవిడ అడిగింది కాబట్టి బయటపడింది. అడగకపోతే? రాత్రి డబ్బా లెక్కపెడతారు, పుస్తకంలో వచ్చింది తీసివేత ఖర్చు, డబ్బాలో ఉన్నది, రెండూ అచ్చంగా కలుస్తాయి! ఎందుకంటే వసూల్లోనూ 620 తక్కువ, ఖర్చులోనూ 620 తక్కువ. టాలీ అయింది కదా అని హాయిగా పడుకుంటారు, పూల ఖర్చు మాత్రం ఎక్కడా లేదు, వచ్చే ఏడు ఆ పద్దు చూసి పూలకి తక్కువ అంచనా వేస్తారు.

దీనికి నా చిట్కా ఒకటుంది. వసూలు మొత్తం ఎప్పుడూ 1,500తో శేషం లేకుండా భాగించబడాలి. 31 ఇళ్లు అంటే 46,500 ఉండాలి, పుస్తకం 45,880 అంటోందంటే ఎవరో మధ్యలో ఖర్చు పెట్టేశారు, తేడా 620 అంటే 620 చీటీ ఎవరి జేబులో ఉందో వెతకండి. ఇది పనిచెయ్యాలంటే ఎవరైనా ఎక్కువ ఇస్తే ఆ ఎక్కువని ఆ వరసలో కలపకూడదు, పక్కన "అదనం" అని వేరే గడి పెట్టండి.

ఇదే రోగం ఇంకో వేషంలో వస్తుంది. కమిటీలో ఒకాయన లైట్లకి సొంత డబ్బు 2,400 ఇచ్చి "నా చందా ఇందులో కొట్టేసుకోండి" అంటాడు. కొట్టేయకండి. ఖర్చులో 2,400 రాసి ఆయనకి 2,400 ఇచ్చెయ్యండి, ఆయన దగ్గర 1,500 తీసుకుని రసీదివ్వండి. చేతులు మారేది 900 మాత్రమే అయినా పుస్తకంలో రెండు వరసలూ ఉండాలి. ఆయన నవ్వుతాడు, నవ్వనివ్వండి. "పూలు నేను తెప్పిస్తా, చందా అడగొద్దు" అన్నా అంతే, ముందే అందరూ ఒప్పుకుని బిల్లు తెస్తేనే, అదీ రెండు వరసల్లోనే. ఫోన్‌లో వేసే వాళ్లతో వేరే చిక్కు, ఫ్లాట్ 302 డబ్బు ఊళ్లో ఉన్న కొడుకు పేరు మీద వస్తుంది, అందుకే మెసేజ్‌లో ఫ్లాట్ నంబరు రాయమని ముందే చెప్పండి. ఆ డబ్బు పడే అకౌంటు మీ జీతం, పాలవాడి బిల్లు తిరిగే అకౌంటు కాకుండా చూసుకోండి.

అభ్యాసం, ఈసారి కొంచెం బరువుగానే ఇస్తున్నా. ఇంటికి 1,200 చొప్పున 19 ఇళ్లు ఇచ్చాయి. పుస్తకంలో వసూలు 21,950, ఖర్చు 9,400. డబ్బాలో 3,050, అకౌంట్లో 9,500, అంటే టాలీ అయింది. ఒక ఇల్లు 500 ఎక్కువిచ్చింది, దాన్ని చందా వరసలోనే కలిపేశారు. నిజంగా వచ్చింది ఎంత, రాయకుండా పోయిన ఖర్చు ఎంత, సరిచేసిన తర్వాత నిల్వ మారుతుందా మారదా చెప్పండి. ఆ ఖర్చు ఒకే చీటీ కాదు, రెండు వేర్వేరు ఇళ్ల డబ్బులోంచి పోయిందనుకుని, ఆ ఇళ్లేవో ఎవర్నీ నిందించకుండా ఎలా కనుక్కుంటారో కూడా రాయండి. క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు.