లింకు మాటలు చదివితే అవతలి పేజీ ఏంటో తెలియాలి

మీ సైట్‌లో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింక్ ఇచ్చేటప్పుడు, ఏ మాటల మీద ఇస్తున్నారో ఒకసారి చూసుకోండి. నా వంటల సైట్‌లో ఆవకాయకు బూజు పట్టకుండా ఏం చేయాలో చెప్పే పేజీ ఒకటుంది. దానికి ఐదారు చోట్ల నుంచి లింకులిచ్చాను, అన్నీ ఇలాగే:

```html
<a href="/avakaya-nilva">ఇక్కడ చూడండి</a>
```

గూగుల్ ఆ మాటల్ని బట్టి కూడా అవతలి పేజీ దేని గురించో అంచనా వేస్తుంది. "ఇక్కడ చూడండి" అంటే దానికి ఏం అర్థమవుతుంది? ఇప్పుడు ఇలా మార్చాను:

```html
<a href="/avakaya-nilva">ఆవకాయకు బూజు పట్టకుండా</a> ఉండాలంటే జాడీ తడి లేకుండా ఆరాలి.
```

ఉత్త "ఆవకాయ" అని పెట్టలేదు. తయారీ పేజీ వేరే ఉంది కదా, రెంటికీ ఒకే మాటతో లింక్ ఇస్తే ఏది దేనికో తేడా తెలియదు. అలాగని వాక్యం మొత్తాన్నీ లింక్ చేయకండి, అసలు మాట అందులో మునిగిపోతుంది. మన భాషలో ఇంకో చిన్న తంటా: "ఆవకాయకు"లో "కు"ని లింక్ బయట వదిలేస్తే చూడ్డానికి మాట విరిగినట్టుంటుంది. విభక్తినీ లోపలే ఉంచండి.

బొమ్మ మీద లింక్ ఇస్తే దాని `alt`లో రాసిందే లింక్ మాటగా లెక్క. అది ఖాళీగా వదలొద్దు.

సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి, చుట్టూ ఉన్న వాక్యం వదిలేసి లింక్ మాటలు మాత్రమే ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. అవతలి పేజీలో ఏముందో వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ రాయాల్సిందే.